టీచర్ల ఇంటర్వ్యూల నుంచి ఫైండింగ్స్ దాకా: దూరబోధనపై థీమాటిక్ ఎనాలిసిస్ చేసి రాయడం ఎలా

దూరబోధన గురించి టీచర్లతో మాట్లాడి రాసిన థీసిస్‌లలో ఫైండింగ్స్ అధ్యాయం తెరిస్తే చాలాసార్లు ఒకే వరస కనిపిస్తుంది: సాంకేతిక సమస్యలు, విద్యార్థుల హాజరు, మూల్యాంకనం, ఇంటి వాతావరణం. ఒక్కో శీర్షిక కింద మూడు నాలుగు కొటేషన్లు, వాటి మధ్య "మరో టీచర్ కూడా ఇలాగే చెప్పారు" అనే అతుకులు. ఆ శీర్షికల్ని ఇంటర్వ్యూ ప్రశ్నల పట్టిక పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే, ఇంటర్వ్యూలకు వెళ్లకముందే రాయగలిగిన శీర్షికల కిందికి తర్వాత దొరికిన మాటల్ని సర్దారన్నమాట. అక్కడ వర్గీకరణ జరిగింది గానీ విశ్లేషణ మొదలవలేదు.

ఈ మార్గదర్శి ఆ తేడా మీదే నడుస్తుంది. ఒక ఉదాహరణ అధ్యయనాన్ని తీసుకుని ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి పూర్తయిన ఫైండింగ్స్ భాగం వరకూ తీసుకెళ్తాను. అధ్యయనం, టీచర్లు, వాళ్ల మాటలు అన్నీ ఈ వ్యాసం కోసం అల్లినవే. పన్నెండు మంది హైస్కూలు టీచర్లు, ఒక్కొక్కరితో ముప్పావుగంట నుంచి గంట వరకు సాగిన సెమీ స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలు అనుకుందాం. వాళ్లను ఉ-1 నుంచి ఉ-12 వరకు పిలుద్దాం.

## ముందు ప్రశ్నను బిగించండి

"దూరబోధనలో టీచర్ల అనుభవాలు" అనే ప్రశ్నతో మొదలైతే దొరికే ప్రతి మాటా సంబంధమున్నదే అవుతుంది. నెట్ పోవడం, జీతం ఆలస్యం కావడం, నడుంనొప్పి, పిల్లల అల్లరి, అన్నీ అనుభవాలే కదా. ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఆ వెడల్పు అవసరమే. విశ్లేషణకు కూర్చున్నప్పుడు మాత్రం ఇరుకు కావాలి.

రెండు మూడు ట్రాన్స్‌క్రిప్టులు చదివాక, టీచర్లు అడగకుండానే పదేపదే ఎటు వెళ్తున్నారో చూడండి. మన ఉదాహరణలో వాళ్లు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నా చివరికి ఒక ఇబ్బంది దగ్గరికే వస్తున్నారు: పాఠం ఎక్కిందో లేదో తెలియకపోవడం. కాబట్టి ప్రశ్న ఇలా మారింది: దూరబోధనలో పిల్లలకు పాఠం అర్థమైందో లేదో తాము ఎలా గ్రహించామని టీచర్లు చెబుతున్నారు?

"చెబుతున్నారు" అన్న చివరి ముక్కను వదిలెయ్యకండి. పిల్లలకు నిజంగా అర్థమైందా లేదా అన్నది ఇంటర్వ్యూలు చెప్పలేవు. టీచరు తన పనిని ఎలా అర్థం చేసుకుంటోందన్నదే మన చేతిలో ఉన్న సమాచారం. పైగా అది జరిగిపోయినదాన్ని గుర్తుచేసుకుని చెప్పింది. ప్రశ్నలోనే ఈ హద్దు గీస్తే తర్వాత రాతలో "దూరబోధన వల్ల అవగాహన తగ్గింది" లాంటి వాక్యం జారిపడదు.

ప్రశ్నను మధ్యలో మార్చడం తప్పు కాదు. మార్చిన సంగతి పద్ధతుల అధ్యాయంలో చెప్పకపోవడమే తప్పు.

## ఏ దారిలో వెళ్తున్నారో తేల్చుకోండి

థీమాటిక్ ఎనాలిసిస్ అన్న పేరుతో కనీసం మూడు రకాల పనులు నడుస్తున్నాయి. మొదటి రకంలో మాటల ముక్కలకు పెట్టే చిన్న పేర్లను, అంటే కోడ్లను, ముందే కోడ్‌బుక్‌గా తయారుచేసి, ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, వాళ్ల మధ్య ఏకీభావాన్ని కప్పా లాంటి సంఖ్యతో కొలుస్తారు. రెండో రకం కోడ్‌బుక్‌నో పట్టికనో వాడుతుంది గానీ సంఖ్య మీద అంత పట్టుదల ఉండదు. మూడోది రిఫ్లెక్సివ్ పద్ధతి. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ప్రతిపాదించిన ఆరు దశల పద్ధతిని తర్వాత వాళ్లే ఈ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఇందులో పరిశోధకుడి చూపు, నేపథ్యం విశ్లేషణలో భాగమే. ఇద్దరి కోడ్లు కలిశాయా అన్నది నాణ్యతకు కొలత కాదు.

ఇక్కడ రిఫ్లెక్సివ్ దారే పడదాం. ఎక్కువమంది పొరపడేది ఎంపికలో కాదు, కలిపెయ్యడంలో. పద్ధతుల అధ్యాయంలో రిఫ్లెక్సివ్ అని రాసి, కింద కప్పా విలువ ఇచ్చి, ఫైండింగ్స్‌లో "డేటాలోంచి మూడు థీమ్‌లు బయటపడ్డాయి" అంటారు. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. థీమ్‌లు డేటాలో దాక్కుని ఉండవు, మీరు కడతారు. అందుకే "నేను ఈ థీమ్‌ను రూపొందించాను" అని కర్తను వాక్యంలో ఉంచడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

పరిశోధకుడు తానే టీచరైతే ఆ సంగతి ఒక పేరాలో చెప్పాలి. ఊరికే ఒప్పుకోలుగా కాదు, దానివల్ల ఏం జరిగిందో చెప్పాలి. మన ఉదాహరణలో ఇంటర్వ్యూ చేసినామె పాత టీచరు అనుకుందాం. "మీకు తెలిసిందే కదా మేడమ్" అని చాలామంది వాక్యాన్ని మధ్యలో వదిలేశారు. ఆమె కూడా తలూపి ముందుకెళ్లింది. ఆ వదిలేసిన చోట్లు ట్రాన్స్‌క్రిప్టులో ఖాళీలుగా ఉండిపోయాయి. చదివేవాళ్లకు పనికొచ్చే నేపథ్యం అంటే ఇదీ.

## చదవడం

ఆడియో వింటూ ట్రాన్స్‌క్రిప్టును ఒకసారి పూర్తిగా సరిచూడండి. యంత్రం రాసిచ్చిన ట్రాన్స్‌క్రిప్టయితే ఇది తప్పనిసరి. "అర్థమైందా" అని టీచరు తన ప్రశ్నను అనుకరిస్తే అది "అర్థమైంది" అని పడుతుంది. "తెలిసేది కాదు" అన్నది "తెలిసేది" దగ్గరే ఆగుతుంది. అర్థం తలకిందులైన ఒక్క వాక్యం మీద ఒక కోడ్, ఆ కోడ్ మీద ఒక థీమ్ లేస్తాయి.

నవ్వులు, ఆగిపోవడాలు, గొంతు తగ్గించడాలు బ్రాకెట్లలో ఉంచండి. ప్రతి దగ్గునూ రాయనక్కర్లేదు. మాటకూ ధోరణికీ పొంతన లేని చోట మాత్రం తప్పకుండా రాయాలి.

ఒక్కో ఇంటర్వ్యూ పూర్తవగానే అరపేజీ మెమో రాసుకోండి. సారాంశం వద్దు. ఈమె దేని గురించి కంగారుపడుతోంది, దేన్ని తేలిగ్గా దాటేసింది, నన్ను ఏది ఆశ్చర్యపరిచింది, ఈ మూడు సంగతులు చాలు. నెల తర్వాత థీమ్‌లు కట్టేటప్పుడు కోడ్ల జాబితా కన్నా ఈ మెమోలే ఎక్కువ అక్కరకొస్తాయి.

## కోడింగ్

సైన్సు చెప్పే ఉ-3 మాటలు ఇవి:

"ఇరవై నిమిషాలు చెప్పి ఆగుతాను. అర్థమైందా అంటాను. ఒక్కళ్లూ మాట్లాడరు. (నవ్వు) మాట్లాడకపోతే అర్థమైనట్టే అనుకుని ముందుకెళ్లిపోయేదాన్ని. ఏం చేస్తాం మరి? క్లాసులో అయితే వెనక బెంచీ వాళ్ల మొహం చూస్తే చాలు, మళ్లీ చెప్పాలో వద్దో తెలిసిపోతుంది."

కొత్తగా చేసేవాళ్లు దీనికి "విద్యార్థుల స్పందన", "కెమెరా", "ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ తేడా" అని కోడ్లు పెడతారు. ఇవి ఫైలు పేర్లు. ట్రాన్స్‌క్రిప్టును మూసేసి ఈ కోడ్లను మాత్రమే చూస్తే ఉ-3 ఏమందో ఊహించలేరు. పని చేసే కోడ్‌కు పరీక్ష అదే: అసలు మాటలు కనబడకపోయినా, ఆమె ఏ అర్థంలో మాట్లాడిందో కోడ్ చెప్పాలి. ఇదే భాగానికి నేను పెట్టే కోడ్లు:

- మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకోవడం
- ఆ లెక్క నిలవదని తెలిసీ సాగిపోవడం
- ముఖాలు చూసి పాఠం వేగం మార్చుకునే అలవాటు తెగిపోవడం

రెండో కోడ్‌ను ఆమె నోటితో అనలేదు. నవ్వు, "ఏం చేస్తాం మరి" కలిసి చెప్పాయి. మొదటిది పైకి కనిపించే అర్థం మీద నిలబడిన కోడ్, రెండోది కింద ఉన్న అర్థం మీద నిలబడింది. రెండో రకానికి ఎక్కువ ఆధారం కావాలి కాబట్టి మెమోలో కారణం రాసిపెట్టుకోండి.

పరికరం ఏదైనా ఫరవాలేదు. ఎన్‌వివో లాంటి సాఫ్ట్‌వేర్‌లో చేయొచ్చు, ఉచితంగా దొరికే టాగెట్‌లో చేయొచ్చు, మామూలు స్ప్రెడ్‌షీట్‌లో ఇంటర్వ్యూ సంఖ్య, వాక్యాలు, కోడ్, మెమో అని నాలుగు నిలువు వరసలు గీసుకునీ చేయొచ్చు. ఏది వాడినా మాటను దాని చుట్టూ ఉన్న రెండు మూడు వాక్యాలతో కలిపి కోడ్ చెయ్యండి. ఏ ప్రశ్నకు జవాబుగా ఆ మాట వచ్చిందో తెలియకపోతే తర్వాత దాన్ని ఎటు కావాలంటే అటు వంచేస్తాం.

రెండో విడత కోడింగ్‌ను చివరి ఇంటర్వ్యూ నుంచి వెనక్కి చెయ్యండి. మొదటి విడతలో ఉ-1, ఉ-2లను కోడ్ చేసినప్పుడు మీకింకా చూపు కుదరలేదు. ఉ-11, ఉ-12 దగ్గరికొచ్చేసరికి మీకు తెలిసిన కోడ్లే కనబడటం మొదలైంది. వరస తిప్పితే ఈ రెండు లోపాలూ కొంత సర్దుకుంటాయి.

## కుప్పల నుంచి థీమ్‌ల దాకా

కోడ్లన్నీ పరిచాక దగ్గరివాటిని ఒకచోట చేరుస్తాం. మన ఉదాహరణలో మొదట నాలుగు కుప్పలు పడ్డాయి: "కనిపించని ముఖాలు", "రాతపనులు, ఫోటోలు", "ఇంట్లోవాళ్లు వింటున్నారు", "నెట్, పరికరాలు".

ఒక్కో కుప్పనూ ఒక పూర్తి వాక్యంగా చెప్పి చూడండి. అందులో ఒక వాదన ఉండాలి, ఎవరైనా కాదనగలిగేలా ఉండాలి. "నెట్, పరికరాలు" దగ్గర నాకు వచ్చిన వాక్యం ఇది: "టీచర్లు నెట్ గురించి, పరికరాల గురించి మాట్లాడారు." కాదనడానికేముంది? అందులో ఒకరు ఫోన్ పాడైందన్నారు, ఒకరు కొత్త యాప్ నేర్చుకుని గర్వపడ్డారు, ఒకరు డేటా ఖర్చు గురించి చెప్పారు. విషయం ఒకటే, భావం ఒకటి కాదు. ఇలాంటిది విషయ సారాంశం, థీమ్ కాదు. దాన్ని విడగొట్టి, ప్రశ్నకు సంబంధమున్న కోడ్లను వేరే చోట్లకు పంపి, మిగతాది పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంత కష్టపడి కోడ్ చేసింది వదిలెయ్యాలంటే ప్రాణం ఒప్పదు గానీ, ఈ ప్రశ్నకు అది జవాబు కాదు.

"ఇంట్లోవాళ్లు వింటున్నారు" కుప్పలో మాత్రం ఏదో ఉంది. భాష చెప్పే ఉ-9, సాంఘికశాస్త్రం చెప్పే ఉ-5 మాటల్ని పక్కపక్కన పెడదాం.

ఉ-9: "కెమెరా పెట్టమని మొదట్లో అనేవాణ్ని. ఒక రోజు ఒకమ్మాయి పెట్టింది. వెనక ఇంట్లో వాళ్లంతా ఉన్నారు, అదే గదిలో. ఆ పిల్ల తల దించేసుకుంది. ఆ తర్వాత నేనెవర్నీ అడగలేదు."

ఉ-5: "జవాబు తెలియని పిల్లాణ్ని పేరు పెట్టి అడిగితే పక్కనే వాళ్ల నాన్న వింటుంటాడు. నేనేమీ అనను. తర్వాత ఇంట్లో వాడికి పడతాయి చూడండి, ఆ మాటలు. అందుకని తెలిసినవాళ్లనే అడిగేదాన్ని."

ఒకరిది కెమెరా సంగతి, ఇంకొకరిది ప్రశ్నలు వెయ్యడం. విషయం ప్రకారం చూస్తే వేర్వేరు శీర్షికల కిందికి పోతాయి. భావం ప్రకారం రెండూ ఒకటే: పిల్లల్ని కాపాడటానికి టీచరు తనకున్న పరీక్షను తానే వదులుకుంటోంది. వాక్యంగా చెబితే: "అర్థమైందో లేదో తెలియకపోవడం కొంతవరకు టీచర్లు తెలిసి ఎంచుకున్నదే." దీన్ని కాదనొచ్చు, ప్రశ్నించొచ్చు, అందుకే ఇది థీమ్ అవగలదు. సాంకేతికత అడ్డుపడిందన్న మామూలు కథను ఇది పక్కకు జరుపుతుంది కూడా.

## ఒప్పుకోని ఇంటర్వ్యూ

"కనిపించని ముఖాలు" కుప్పకు మొదట రాసిన వాక్యం ఇది: "ముఖాలు కనబడకపోవడంతో అర్థమైందో లేదో తెలుసుకునే దారి టీచర్లకు మూసుకుపోయింది." దాదాపు అందరి మాటలూ దీనికి అతుకుతాయి. లెక్కలు చెప్పే ఉ-7 తప్ప.

"నాకైతే క్లాసులో కన్నా అప్పుడే ఎక్కువ తెలిసింది. క్లాసులో నలభై మందిలో చెయ్యెత్తే నలుగురే కనబడతారు. ఆన్‌లైన్‌లో ప్రతి ఒక్కరూ లెక్క చేసి నాకు ఫోటో పంపాలి. ఎవరు ఏ మెట్టు దగ్గర తప్పారో కళ్ల ముందుంటుంది."

ఇలాంటి ఇంటర్వ్యూను మూడు రకాలుగా పాడుచేస్తారు. ఒకటి, వదిలెయ్యడం. రెండు, "అయితే ఒక టీచరు మాత్రం భిన్నంగా భావించారు" అని చివర్లో ఒక వాక్యం తగిలించడం. మూడు, "సానుకూల అనుభవాలు" అని కొత్త థీమ్ తెరవడం. మూడోది చూడటానికి న్యాయంగానే ఉంటుంది గానీ, అనుకూలం, ప్రతికూలం అని చీల్చిన క్షణం నుంచి విశ్లేషణ తీర్పుల జాబితా అయిపోతుంది.

ఉ-7ను పట్టుకుని మిగతా ట్రాన్స్‌క్రిప్టులన్నీ మళ్లీ చదవాలి. అలా చదివితే ఉ-2 దగ్గర, ముందు "రాతపనులు, ఫోటోలు" కుప్పలో ఊరికే పడేసిన మాట ఒకటి కొత్తగా కనబడుతుంది:

"రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ చేస్తాడు. ఒక్క కొట్టివేత లేదు. ఆ పిల్లాడి నోట్సులో కొట్టివేత లేకపోవడమేంటి? అప్పుడు తెలుస్తుంది, చూసి రాశాడని."

ఉ-2 దూరబోధనను ఇష్టపడలేదు, ఉ-7 ఇష్టపడింది. కానీ ఇద్దరూ చేస్తున్న పని ఒకటే. ముఖం చదవడం ఆపి, పిల్లలు వదిలిన జాడలు చదువుతున్నారు: కొట్టివేతలు, పంపిన సమయం, తప్పిన మెట్టు. దాంతో రెండు కుప్పలు కలిసిపోయి వాక్యం మారింది: "ముఖాలు పోయాక టీచర్లు జాడలు చదవడం నేర్చుకున్నారు, కానీ ఆ జాడలు పాఠం అయిపోయాక గానీ అందవు." ఉ-3 బాధ కూడా ఇందులో ఒదుగుతుంది. ఆమెకు కావలసిన సమాచారం పాఠం నడుస్తుండగా కావాలి, జాడ మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఉ-7కి ఆ ఆలస్యం ఇబ్బంది కాలేదు.

ఇది లెక్కలకూ మిగతా సబ్జెక్టులకూ ఉన్న తేడా అనిపిస్తుంది. లెక్కలో ఆలోచన మెట్లుగా కాగితం మీద కనబడుతుంది కాబట్టి. అలా అనిపించడం వరకే. లెక్కల టీచర్లు ఒకరిద్దరున్న గుంపులో దాన్ని కారణంగా ప్రకటించలేం. ఒక సాధ్యమైన వివరణగా రాసి వదలాలి.

## నిర్వచనం, పేరు

రాయడం మొదలుపెట్టకముందు ప్రతి థీమ్‌కూ ఐదారు వాక్యాల నిర్వచనం రాసుకోండి. ఇది మీకోసమే, అధ్యాయంలో రానక్కర్లేదు. కేంద్ర భావం ఏమిటి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, పక్క థీమ్‌తో సంబంధమేంటి అన్నవి ఉండాలి. "తెలిసీ అడగకపోవడం" అనే థీమ్‌కు హద్దు ఇలా గీశాను: టీచరు అడగగలిగి ఉండీ ఆగిపోయిన సందర్భాలే ఇందులోకి వస్తాయి. నెట్ తెగిపోయి అడగలేకపోవడం రాదు.

ఈ హద్దు గీస్తుండగా ఉ-11 దగ్గర చిక్కు వచ్చింది. ఆయన కూడా ప్రశ్నలు వెయ్యడం మానేశారు, కానీ పిల్లల కోసం కాదు: "వాళ్ల అమ్మ వింటోందని తెలిస్తే నేను కూడా... ఎలా చెప్పాలి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ని. తప్పు మాట్లాడతానేమోనని టెన్షన్. ప్రశ్నలు వేస్తే క్లాసు చేతిలోంచి పోతుంది కదా." కాబట్టి థీమ్‌ను "పిల్లల మీద దయ" అని పిలిస్తే అబద్ధమవుతుంది. వినేవాళ్లున్నారన్న ఎరుక పిల్లల పరువునూ టీచరు పరువునూ రెండింటినీ కాపాడేలా నడిపించింది. పేరు అలాగే ఉంచి, లోపల రెండు పాయలు చూపించాను.

పేరు విషయంలో ఒకటే సలహా. థీమ్ పేరు చదివితే వాదన సగం తెలియాలి. "మూల్యాంకన సవాళ్లు" చదివితే ఏమీ తెలియదు.

## రాయడం

మొదటి డ్రాఫ్టు సాధారణంగా ఇలా ఉంటుంది:

"చాలామంది టీచర్లు కెమెరాల వల్ల ఇబ్బంది పడ్డారు. ఉ-9 ఇలా అన్నారు: 'కెమెరా పెట్టమని మొదట్లో అనేవాణ్ని...' అలాగే ఉ-5 కూడా తల్లిదండ్రుల గురించి చెప్పారు: 'పక్కనే వాళ్ల నాన్న వింటుంటాడు...' దీన్నిబట్టి దూరబోధనలో అనేక సవాళ్లున్నాయని తెలుస్తోంది."

కొటేషన్లు తీసేసి చదవండి. మిగిలేది: ఇబ్బంది పడ్డారు, చెప్పారు, సవాళ్లున్నాయి. మీ వాక్యాలు మాత్రమే చదివినా వాదన నిలబడాలి. కొటేషన్లు మాత్రమే చదివితే ఆ వాదన తెలియకూడదు. తెలిసిపోతే మీరు చేసిన విశ్లేషణ లేదన్నట్టే. ప్రతి కొటేషన్ తర్వాత, అందులో దేన్ని గమనించాలో, అది వాదనను ఎటు కదిలిస్తుందో చెప్పే వాక్యాలు రావాలి. కొటేషన్‌లో ఉన్నదే మీ మాటల్లో తిరిగి చెప్పడం దీని కిందికి రాదు.

ముందు ఒక చిన్న పేరాలో థీమ్‌లను, వాటి మధ్య సంబంధాన్ని చెప్పి, తర్వాత ఒక్కోదానిలోకి వెళ్లండి. సవరించిన రూపం ఇది:

> ఫైండింగ్స్
>
> టీచర్ల మాటల ఆధారంగా రెండు థీమ్‌లు రూపొందించాను. మొదటిది, ముఖాలు కనబడనప్పుడు అవగాహనను కనిపెట్టడానికి వాళ్లు వెతుక్కున్న కొత్త ఆనవాళ్ల గురించి. రెండోది, ఉన్న దారుల్ని కూడా వాళ్లు ఎందుకు వాడలేదన్నదాని గురించి. రెండో థీమ్ మొదటిదానికి కొంత కారణం చెబుతుంది: అందరి ముందు అడగడం మానుకున్నకొద్దీ విడిగా అందే జాడల మీద ఆధారపడటం పెరిగింది.
>
> ముఖాలు పోయాక జాడలు చదవడం
>
> తరగతి గదిలో తమ నిర్ణయాలు ఎంతగా ముఖాల మీద ఆధారపడేవో టీచర్లు అవి కనబడకుండా పోయాక గుర్తించినట్టు మాట్లాడారు. పిల్లలు మాట్లాడనప్పుడు ఏం చేసేవారో ఉ-3 చెప్పారు: "మాట్లాడకపోతే అర్థమైనట్టే అనుకుని ముందుకెళ్లిపోయేదాన్ని. ఏం చేస్తాం మరి?" ఇక్కడ మౌనం ఒప్పుకోలుగా మారింది, అయితే ఆమె దాన్ని నమ్మినట్టు లేదు. ఈ మాటకు ముందు వచ్చిన నవ్వు, చివరి ప్రశ్న, ఆ లెక్క పాఠాన్ని నడిపించడానికి చేసుకున్న సర్దుబాటేనని సూచిస్తాయి.
>
> ముఖాల స్థానంలోకి రాతపనిలోని చిన్న ఆనవాళ్లు వచ్చాయి. ఒక విద్యార్థి రాత్రి పంపిన పని గురించి ఉ-2 ఇలా అన్నారు: "ఆ పిల్లాడి నోట్సులో కొట్టివేత లేకపోవడమేంటి? అప్పుడు తెలుస్తుంది, చూసి రాశాడని." శుభ్రమైన రాత ఇక్కడ అనుమానానికి ఆధారమైంది. ఈ చదవడం ఆ పిల్లవాడి మామూలు రాత ముందే తెలిసి ఉండటం మీద నిలబడింది. అంటే తరగతి గదిలో సంపాదించిన పరిచయమే దూరం నుంచి జాడను చదవనిచ్చింది.
>
> జాడలు ముఖాల కన్నా ఎక్కువ చెప్పగలవన్న వాదన కూడా వినిపించింది. ఆన్‌లైన్‌లోనే తనకు ఎక్కువ తెలిసిందన్న ఉ-7, క్లాసులో "చెయ్యెత్తే నలుగురే కనబడతారు" అన్నారు. ఉ-3కి తరగతి గది అందరి ముఖాలూ కనిపించే చోటు, ఉ-7కి అది కొందరే కనిపించే చోటు. ఇద్దరి మధ్య భేదం దూరబోధన మీద కన్నా అంతకుముందటి తరగతి గది మీద ఎక్కువగా ఉంది. ఏ సమాచారం ఎప్పుడు కావాలన్నది కూడా వాళ్లను వేరుచేస్తుంది: పాఠం మధ్యలో మలుపు తిప్పుకోవాలనుకున్నవారికి జాడ ఆలస్యంగా అందింది, తప్పును తర్వాత దిద్దగలిగినవారికి అది సరిపోయింది.
>
> తెలిసీ అడగకపోవడం
>
> అర్థమైందో లేదో తెలియకపోవడం పూర్తిగా తమ మీద పడిన పరిమితి కాదని కొందరి మాటలు చూపిస్తాయి. ఒక విద్యార్థిని కెమెరా పెట్టి తల దించుకున్న రోజును గుర్తుచేసుకుని ఉ-9 "ఆ తర్వాత నేనెవర్నీ అడగలేదు" అన్నారు. ఒక్క పిల్ల ఇబ్బందితో క్లాసు మొత్తానికి నియమం మారిపోయింది. ఉ-5 అడగడం మానలేదు గానీ "తెలిసినవాళ్లనే" అడిగారు. ప్రశ్నల రూపం మిగిలింది, అవి కనిపెట్టాల్సిన పని మాత్రం ఆగిపోయింది. అవగాహన గురించి ఎవరి దగ్గర ఎక్కువ తెలుసుకోవాల్సి ఉందో వాళ్లనే అడగకుండా వదలడం ఈ దయలో ఉన్న చిక్కు.
>
> వినేవాళ్లున్నారన్న ఎరుక టీచర్ల పరువునూ తాకింది. పాఠం "అప్పజెప్పినట్టు" చెప్పేవాణ్నన్న ఉ-11 మాటలో, పరీక్షించాల్సినవారు పరీక్షకు కూర్చున్న భావన ఉంది. ఫోటోల మీద ఆధారపడ్డ ఉ-7 పద్ధతిని ఈ వెలుగులో చూస్తే, ఆ జాడలు టీచరుకు మాత్రమే అందుతాయి. తప్పు చెయ్యడానికి అక్కడ ప్రేక్షకులు లేరు.

చివరి రెండు వాక్యాలు గమనించండి. ఉ-7 ఆ మాట అనలేదు, అది నా వ్యాఖ్యానం. అందుకే ఆమె నోట పెట్టకుండా "ఈ వెలుగులో చూస్తే" అన్నాను. పాల్గొన్నవారు చెప్పింది ఎక్కడ ఆగి మీది ఎక్కడ మొదలైందో చదివేవాళ్లకు ప్రతిచోటా తెలియాలి.

ఇతరుల అధ్యయనాలను ఇక్కడే కలపాలా, చర్చకు వదలాలా అన్నది మీ విభాగం ఆనవాయితీని బట్టి ఉంటుంది. విడిగా రాస్తే ఫైండింగ్స్‌లో ఒక్క ప్రస్తావన కూడా రానివ్వకండి. సగం అక్కడా సగం ఇక్కడా ఉంటే రెండు అధ్యాయాలూ ఒకే మాట చెబుతాయి.

## అంకెలు, కొటేషన్లు, గోప్యత

"పన్నెండులో తొమ్మిది మంది" అని రాయాలనిపిస్తుంది. ఆ తొమ్మిది మంది అన్నారు సరే, మిగతా ముగ్గురు కాదన్నారా, వాళ్లను ఎవరూ అడగలేదా? సెమీ స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్న పడదు కాబట్టి ఆ అంకెకు అర్థం ఉండదు. శాతాలైతే మరీను. "కొందరు", "చాలామంది" సరిపోతాయి, వాటిని కూడా వాదన బరువు మొయ్యడానికి వాడకూడదు. "తెలిసీ అడగకపోవడం" కొందరి మాటల మీదే నిలబడింది, అయినా ప్రశ్నకు అది చెప్పే జవాబు పెద్దది.

కొటేషన్‌లో కొంత తీసేస్తే చుక్కలు పెట్టండి. తీసేసిన ముక్క అర్థాన్ని మెత్తబరిచేదైతే తీయకండి. మాట్లాడిన యాసను పుస్తక భాషలోకి దిద్దవద్దు. మరో భాషలో థీసిస్ సమర్పిస్తుంటే కోడింగ్ అసలు మాటల మీదే చేసి, అధ్యాయంలోకి ఎంచుకున్న కొటేషన్లను మాత్రం చివర్లో అనువదించండి. అనువాదం ఎవరు చేశారో రాయండి. ఒకే వ్యక్తి బాగా మాట్లాడితే అన్ని కొటేషన్లూ ఆమెవే అవుతాయి. ఎవరివి ఎన్ని వాడారో పక్కన కాగితం మీద లెక్కపెట్టుకుంటే అది ముందే దొరుకుతుంది.

పేరు మార్చినంత మాత్రాన గోప్యత వచ్చెయ్యదు. చిన్న స్కూల్లో "లెక్కలు, ఇరవై ఏళ్ల అనుభవం, మహిళ" అన్న మూడు వివరాలు కలిస్తే ఆ స్కూల్లోవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. ప్రిన్సిపల్ ఆ థీసిస్ చదివే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. వివరాల పట్టిక ఇస్తే అందులో వ్యక్తులవారీగా కాకుండా గుంపుగా చూపించండి: ఏ సబ్జెక్టుల వారున్నారు, అనుభవం ఎంత నుంచి ఎంత దాకా అని. సబ్జెక్టు తెలియకపోతే వాదన అర్థం కాని చోట మాత్రమే, ఉ-7 విషయంలోలాగా, సబ్జెక్టు ఒక్కటే చెప్పి మిగతావి దాచండి. ఒకే టీచరు మాటలు నాలుగైదు చోట్ల ఒకే సంఖ్యతో వస్తే, విడివిడిగా ప్రమాదం లేని ముక్కలు కలిసి మనిషిని పట్టిచ్చేస్తాయి. అధ్యాయం పూర్తయ్యాక ఒక్కో సంఖ్యనూ పట్టుకుని దాని కొటేషన్లన్నీ వరసగా చదివి చూడండి. సహోద్యోగికి గుర్తుపట్టేలా ఉంటే ఒక కొటేషన్ తీసెయ్యండి, లేదా అదే భావం చెప్పిన మరొకరి మాట వెతకండి.